నొప్పి తగ్గితే పన్ను బాగైనట్టు కాదు

దవడ పన్నుకు అయిదు వైపులు ఉంటాయి. నమిలే పైభాగం, బుగ్గ వైపు, నాలుక వైపు, ముందు పన్నును ఆనుకున్న వైపు, వెనక పన్నును ఆనుకున్న వైపు. ఎంత శ్రద్ధగా తోముకున్నా బ్రష్ అందేది మొదటి మూడింటికే. మిగిలిన రెండూ పళ్ల సందుల్లో ఉంటాయి కాబట్టి కుచ్చు అక్కడికి దూరదు. అందే మూడు వైపుల్లో కూడా చిగురూ పన్నూ కలిసే అంచును చాలామంది వదిలేస్తారు. పెద్దవాళ్లలో పళ్లు పుచ్చడానికీ, చిగుళ్లు చెడడానికీ ఎక్కువగా దారి దొరికేది ఈ రెండు చోట్లే. రోజూ పళ్లు తోముకునేవాళ్లు కూడా ‘నాకెందుకు పుచ్చింది?’ అని డాక్టర్ని అడగడానికి కారణం ఇదే. వాళ్లు తోమడం మానలేదు, తోమాల్సిన చోటికి బ్రష్ వెళ్లలేదు.

అందుకే ఇంట్లో పళ్ల సంరక్షణ అంటే ముఖ్యంగా రెండు పనులు. చిగురు అంచును బ్రష్‌తో శుభ్రం చేయడం, సందును దారంతో శుభ్రం చేయడం. ఈ రెండూ కుదరక పన్ను పుచ్చితే అది ఏ దశలో ఉందో నొప్పి తీరును బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు. ఆ పోలిక తెలిసినవాళ్లు సకాలంలో డాక్టర్ దగ్గరికి వెళ్తారు, పన్ను దక్కించుకుంటారు.

పాచి ఏం చేస్తుంది?

పొద్దున లేవగానే నాలుకతో పళ్లను తడిమితే జిగటగా తగిలే పొరే పాచి. అది రాత్రి తిన్న అన్నం మిగులు కాదు, పన్నును అంటిపెట్టుకుని పెరిగే బ్యాక్టీరియా. మనం తీపి తిన్నా, చక్కెర వేసిన టీ తాగినా, బిస్కెట్ కొరికినా ఆ చక్కెరను అవి కూడా తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైనున్న గట్టి పొర ఎనామిల్ నుంచి ఖనిజాలను కరిగిస్తుంది. తర్వాత ఓ అరగంట నుంచి గంటలోపు లాలాజలం ఆమ్లాన్ని విరిచేసి, కరిగిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పన్నుకు చేరుస్తుంది. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్ చేసే మేలు కూడా ఇక్కడే. అది ఖనిజాలు తిరిగి చేరడానికి తోడ్పడి, ఎనామిల్ ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది.

కాబట్టి ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పన్నుకు ఎక్కువ ముఖ్యం. భోజనంతోపాటు ఓ లడ్డూ తినేవాళ్లకంటే, గంటకోసారి తీపి టీ చప్పరించేవాళ్ల పళ్లకు కోలుకునే వ్యవధి తక్కువ. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక రాత్రి తోమకుండా పడుకుంటే ఆ పాచికి తెల్లవార్లూ అడ్డు ఉండదు. పొద్దున ఒక్కసారే తోముకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. రెండింటిలో ఏదో ఒక్కటే కుదురుతుందనుకునేవాళ్లు ఎంచుకోవలసింది పడుకోబోయే ముందు తోమడాన్నే.

తీయకుండా వదిలేసిన పాచి కొద్ది రోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలు పట్టి గట్టిపడుతుంది. అదే గార. కింది ముందు పళ్ల లోపలివైపు లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ గార తొందరగా పడుతుంది. ఒకసారి గార కట్టాక బ్రష్‌కు రాదు, డాక్టర్ క్లీనింగ్ చేసి తీయాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనే భయం మనవాళ్లలో బాగా ఉంది. నిజానికి పన్నును పట్టి ఉంచే ఎముకను అరిగించేది గార వల్ల వచ్చిన చిగుళ్ల జబ్బే. గార తీసేశాక అది మూసి ఉంచిన సందు బయటపడుతుంది, వాచిన చిగురు తగ్గుతుంది. అప్పుడు పళ్లు వదులైనట్టు అనిపిస్తుంది.

చిగురు అంచున బ్రష్ ఎలా పెట్టాలి?

ఇప్పుడు దంత వైద్యులు నేర్పే పద్ధతికి బాస్ పద్ధతి అని పేరు. చార్లెస్ బాస్ అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ వైద్యుడు. ఆయన దంత వైద్యుడు కూడా కాదు, తులేన్ విశ్వవిద్యాలయంలో వైద్య కళాశాలకు డీన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాక పళ్ల మీద పరిశోధనకు దిగారు. పాచిని మైక్రోస్కోప్ కింద పరిశీలించి, జబ్బు మొదలయ్యే చోటు చిగురు అంచు అని గుర్తించి, కుచ్చు సరిగ్గా అక్కడికి చేరేలా తోమే తీరును 1940లలో ప్రచురించారు.

దీనికి మెత్తని కుచ్చు, చిన్న తల ఉన్న బ్రష్ కావాలి. పేస్టు బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్ పొడవునా పరచనక్కర్లేదు. కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా బ్రష్‌ను ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. పై పళ్లకైతే కుచ్చు పైకి, కింది పళ్లకైతే కిందికి చూస్తుండాలి. అలా ఆనించి, బ్రష్‌ను అక్కడే ఉంచి, అతి చిన్నగా ముందుకూ వెనక్కూ పదీ పదిహేను సార్లు కదపాలి. కుచ్చు కొసలు జరగకుండా కంపించినట్టు ఉండాలి. ఆ తర్వాత చిగురు నుంచి పన్ను కొస వైపు ఒక్కసారి ఊడ్చినట్టు లాగాలి. రెండు మూడు పళ్లు అయ్యాక పక్క రెండు మూడింటికి జరగాలి.

ఏదో ఒక వరుస తప్పకుండా పాటిస్తే మంచిది. పైన కుడివైపు చివరి పన్ను దగ్గర మొదలుపెట్టి బయటివైపంతా ఎడమ చివరి దాకా, మళ్లీ లోపలివైపంతా వెనక్కి, కింద కూడా అలాగే, ఆఖరున నమిలే భాగాలు. ముందు పళ్ల లోపలివైపు బ్రష్ అడ్డంగా పట్టదు కాబట్టి నిలువుగా పట్టుకుని తోమాలి. అందరూ ఎక్కువగా వదిలేసేవి కింది దవడ పళ్ల నాలుక వైపు, చిట్టచివరి పన్ను వెనక భాగం. ఇదంతా సరిగా చేస్తే రెండు నిమిషాలు పడుతుంది. అయ్యాక నాలుకతో చిగురు అంచులన్నీ తడిమి చూసుకోండి. నున్నగా జారితే సరే, ఎక్కడైనా గరుకుగా, జిగటగా తగిలితే అక్కడ మళ్లీ తోమాలి.

తోమాక నురుగు ఉమ్మేయండి కానీ, నోటినిండా నీళ్లు పోసుకుని పదేపదే పుక్కిలించకండి. అలా చేస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. నిమ్మరసం, కూల్‌డ్రింక్ లాంటి పుల్లనివి తాగితే ఓ అరగంట ఆగి తోముకోవాలి. అప్పటికి ఎనామిల్ పైపొర ఆమ్లానికి మెత్తబడి ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు బలంగా అడ్డంగా రుద్దడం. ఏళ్ల తరబడి అలా రుద్దితే చిగురు వెనక్కి జరిగి, దాని పక్కన పన్ను మీద వేలిగోరు తట్టుకునేంత గాడి పడుతుంది. ఆ గాడిలో ఎనామిల్ ఉండదు, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. మీ బ్రష్ కుచ్చు నెలా రెండు నెలల్లోనే విచ్చుకుపోతోందంటే మీరు మరీ గట్టిగా రుద్దుతున్నారని అర్థం. మామూలుగా మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలి, కుచ్చు వంగితే ఇంకా ముందే.

వేపపుల్ల మాటేమిటని చాలామంది అడుగుతారు. కొస బాగా నమిలి మెత్తని కుచ్చులా చేసి నెమ్మదిగా తోమితే బయటివైపు పాచి పోతుంది. అయితే దవడ పళ్ల లోపలివైపు అది తిరగదు, దానిలో ఫ్లోరైడూ ఉండదు. బూడిద, బొగ్గుపొడి, ఇటుకపొడి పన్నును అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను మన దేశంలో 1992లోనే నిషేధించారు. అలాంటిది నోట్లో పెట్టుకుంటే నొప్పి తగ్గినట్టుంటుంది, కానీ అది పొగాకు అలవాటే, నోటి క్యాన్సర్‌కు దారే.

పిల్లలకు మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ఆరేడేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి. నల్గొండలోని కొన్ని ప్రాంతాల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట బోరు నీళ్లే తాగుతుంటే, చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి.

సందులోకి దారం

సందులు శుభ్రం చేసే దారాన్ని ఫ్లాస్ అంటారు. న్యూ ఓర్లీన్స్‌లోనే లెవీ స్పియర్ పార్మ్‌లీ అనే దంత వైద్యుడు 1819లో రాసిన పుస్తకంలో మైనం పట్టించిన పట్టుదారంతో సందులు శుభ్రం చేసుకోమని చెప్పారు. ఇప్పుడు దొరికే నైలాన్ ఫ్లాస్ చిన్న డబ్బీలో చుట్టి ఉంటుంది. మెడికల్ షాపుల్లో, సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది.

మూరెడు దారం, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు తెంపుకోవాలి. ఎక్కువ భాగాన్ని ఒక చేతి మధ్యవేలికి, కొంచెం రెండో చేతి మధ్యవేలికి చుట్టాలి. బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల దారం బిగుతుగా పట్టుకోవాలి. సందులోకి దాన్ని ఒక్కసారిగా నొక్కితే టక్కున దిగి చిగురును కోస్తుంది. అటూ ఇటూ మెల్లగా కదుపుతూ దించాలి. దిగాక దారాన్ని ఒక పన్ను వైపు లాగి, పన్నును చుట్టుకున్నట్టు వంచి, చిగురు కింద కాస్త లోపలి దాకా జార్చి, పన్నుకు ఆనించి పైకీ కిందికీ మూడు నాలుగు సార్లు కదపాలి. తర్వాత అదే సందులో దారాన్ని రెండో పన్ను వైపు వంచి మళ్లీ అలాగే. చాలామంది ఈ రెండో సగాన్ని మర్చిపోతారు. ఒక సందులో శుభ్రం చేయాల్సినవి రెండు పళ్లు. ఇంకో సందుకు వెళ్లేటప్పుడు కొత్త దారం వచ్చేలా వేలి మీద చుట్టు మార్చుకోవాలి. రోజుకొక్కసారి, రాత్రి తోమే ముందు చేస్తే చాలు.

మొదటి రోజుల్లో రక్తం కనిపిస్తుంది. దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. చిగురు అప్పటికే పాచి వల్ల వాచి ఉంది కాబట్టి రక్తం వస్తోంది. రోజూ చేస్తుంటే వారం పది రోజుల్లో తగ్గిపోవాలి. రెండు వారాలైనా తగ్గకపోతే చిగుళ్లు చూపించుకోవాలి. సందులు వెడల్పుగా ఉన్నవాళ్లకు, బ్రిడ్జి కట్టించుకున్నవాళ్లకు దారం కంటే సందుల్లో దూరే బుల్లి బ్రష్‌లు బాగా పనిచేస్తాయి. పిన్నీసు, చీపురుపుల్ల మాత్రం వాడొద్దు. అవి చిగురును చీరేస్తాయి, పాచిని తీయవు.

దారం మరో ఉపకారం కూడా చేస్తుంది. ప్రతిసారీ ఒకే సందులో పోగులు లేచి తెగుతోందంటే అక్కడ పన్ను పుచ్చి అంచు గరుకైందేమో, పాత ఫిల్లింగ్ కొస బయటికి పొడుచుకొచ్చిందేమో అనుమానించాలి. మాంసం పీచు ఎప్పుడూ ఒకే చోట ఇరుక్కోవడం కూడా అలాంటి గుర్తే. నొప్పి ఇంకా రాకముందే పుచ్చు బయటపడే అవకాశం ఇది.

నొప్పి ఏ దశలో ఏమంటుంది?

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మంలో ఓ నలభై ఏళ్ల గృహిణికి కింది దవడలో రెండు పళ్ల మధ్య పుచ్చు మొదలైందనుకోండి. ఎనామిల్‌లో నరం ఉండదు కాబట్టి అది కరిగినన్నాళ్లూ ఆమెకేమీ తెలియదు. పీచు మాత్రం అక్కడే ఇరుక్కుంటూ ఉంటుంది.

పుచ్చు ఎనామిల్ దాటి డెంటిన్ అనే లోపలి పొరను చేరాక ఫ్రిజ్ నీళ్లు తాగినా, మిఠాయి తిన్నా జివ్వుమంటుంది. నీళ్లు మింగిన కొద్ది సెకన్లకే ఆ బాధ పోతుంది. బాధ ఇలా వెంటనే పోతోందంటే లోపలి నరం ఇంకా కోలుకోగల స్థితిలో ఉందని అర్థం. ఈ దశలో వెళ్తే చాలావరకు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. ఆమె మాత్రం ఆ వైపు నమలడం మానేసి ఊరుకుంది.

కొన్ని నెలలకు తీరు మారింది. వేడి కాఫీ తాగితే నొప్పి లేచి నిమిషాల తరబడి ఉంటోంది. ఏమీ తినకపోయినా దానంతటదే వస్తోంది. రాత్రి పడుకుంటే పోటు పెడుతోంది, చెవిలోకి లాగుతోంది, ఏ పన్నో సరిగా చెప్పలేకపోతోంది. చుట్టూ గట్టి గోడలున్న ఇరుకు గదిలో నరం వాస్తోంది, ఆ వాపుకు వెళ్లే దారి లేదు. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. ఈ దశకు వచ్చిన నరం సాధారణంగా కోలుకోదు. పన్ను నిలవాలంటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి.

ఆమె లవంగం పెట్టుకుంది, మెడికల్ షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుంది. అయిదారు రోజులకు నొప్పి పూర్తిగా పోయింది. చల్లనీళ్లు తాగినా ఏమీ అనిపించలేదు. అంతా బిళ్లల మహిమ అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకుంది. ఎక్కువమంది మోసపోయేది సరిగ్గా ఇక్కడే. నొప్పి పోయింది నరం చచ్చిపోయినందుకు. చచ్చిన నరంలో బ్యాక్టీరియా మాత్రం బతికే ఉంది, వేరు కొస నుంచి దవడ ఎముకలోకి దిగుతోంది.

కొన్ని వారాల తర్వాత కొత్త రకం నొప్పి వచ్చింది. ఈసారి ఏ పన్నో వేలు పెట్టి చూపించగలిగింది. ఆ పన్ను మిగతావాటికంటే ఎత్తుగా లేచినట్టుంది, పళ్లు ఆనిస్తే చాలు ప్రాణం పోతోంది. ఆ మర్నాటికి బుగ్గ వాచింది. వేరు కింద చీము పట్టింది. చీముకు దారి చేసి, రూట్ కెనాలో, పన్ను తీయడమో చేస్తే తప్ప ఇది మానదు. కొందరికి ఈ చీము చిగురు మీద చిన్న పొక్కులా తేలి, కారిపోయి, మళ్లీ లేస్తుంటుంది. నొప్పి లేకపోయినా ఆ పొక్కు లోపల జబ్బు ఉందని చెబుతుంది.

ఎప్పుడు ఎంత తొందర?

చల్లదనానికి, తీపికి జివ్వుమని వెంటనే పోతుంటే, పీచు ఒకేచోట ఇరుక్కుంటుంటే, చిగురు నుంచి రక్తం ఆగకపోతే ఒకటి రెండు వారాల్లో చూపించుకోండి.

నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, దానంతటదే వచ్చినా, రాత్రి నిద్ర లేపినా, కొరికితే పన్ను నొచ్చినా, చిగురు మీద చీము పొక్కు కనిపించినా, తీవ్రంగా నొచ్చిన పన్ను ఉన్నట్టుండి మౌనం వహించినా ఒకటి రెండు రోజుల్లో వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఇంకా తొందరపడాలి.

దవడ, బుగ్గ వాచి జ్వరం వస్తే అదే రోజు వెళ్లాలి. వాపు కంటి వైపో, గడ్డం కిందికో, మెడలోకో పాకుతున్నా, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, నాలుక కింద ఉబ్బి మాట మారినా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. గడ్డం కింద పాకే వాపు గంటల్లో ఊపిరితిత్తులకు గాలి వెళ్లే దారిని మూసేయగలదు.

ఇంకొక్క మాట. మెట్లెక్కినప్పుడో, బరువు మోసినప్పుడో కింది దవడ నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది పన్ను కాదు, గుండె కావచ్చు. అప్పుడు కూడా వెళ్లాల్సింది అత్యవసర విభాగానికే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. ఇరుక్కున్నదేమైనా ఉంటే దారంతో తీయండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పారాసెటమాల్ మామూలుగా పడేవాళ్లు స్ట్రిప్ మీద రాసిన మోతాదు మించకుండా మింగవచ్చు. ఇబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు, డెంగీ అనుమానం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. లవంగంలోని యూజినాల్ కాసేపు మొద్దుబారేలా చేస్తుంది. దూదికి ఒక చుక్క నూనె అద్ది పన్ను మీద పెట్టండి, చిగురు మీద పోస్తే కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్లను పన్ను పక్కన అదిమిపెట్టినా చిగురు తెల్లగా కాలిపోతుంది. వాపు మీద వేడి కాపడం పెట్టవద్దు, తడిగుడ్డలో చుట్టిన ఐస్ బయటినుంచి పెట్టండి.

యాంటీబయాటిక్ మాత్రం మీ అంతట మీరు వాడకండి. పన్ను లోపలికి రక్తప్రసారం ఆగిపోయాక మందు అక్కడికి చేరదు. చీము పాకుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు డాక్టర్ రాస్తారు, అదీ పన్నుకు చేసే వైద్యంతో కలిపి. ఖర్చుకు వెనకాడేవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని దంత విభాగాలకు, దంత వైద్య కళాశాలల ఆసుపత్రులకు వెళ్లవచ్చు. బయట క్లినిక్‌లతో పోలిస్తే అక్కడ చాలా తక్కువలో అవుతుంది. అయినా ఆలస్యమయ్యేకొద్దీ ఏ చోటైనా వైద్యం పెద్దదవుతుంది. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా, రూట్ కెనాల్‌తో పోయేది పన్ను తీసి కొత్తది కట్టించుకునేదాకా వస్తుంది.

మీ పన్ను ఏదైనా బాగా నొచ్చి, మందో మాకో వేసుకున్నాక ఊరుకుందా? అయితే ఈ వారంలోనే దాన్ని డాక్టర్‌కు చూపించండి. నొప్పి తగ్గిందని మాత్రం అపాయింట్‌మెంట్ మానుకోకండి.